చిన్న లోన్లు కలిపి ఒకే లోన్‌గా మార్చుకోవడం: దరఖాస్తు విధానం, ముందు వేసుకోవాల్సిన లెక్క

రెండు మూడు చోట్ల తీసుకున్న పర్సనల్ లోన్లు తీర్చేసి, ఒకే బ్యాంకులో ఒకే ఈఎంఐ కట్టుకోవచ్చు. చాలామంది నెలకు కట్టేది ఎంత తగ్గిందో చూసి సంతకం పెట్టేస్తారు. చూడాల్సింది అది కాదు. ఈ రోజు నుంచి అప్పు పూర్తిగా తీరేదాకా మన జేబులోంచి పోయే మొత్తం ఎంత అన్నది చూడాలి.

కొత్త బ్యాంకుకు వెళ్లే ముందు పాత సంస్థలకు దరఖాస్తు పెట్టాలి. ప్రతి సంస్థనూ ఫోర్‌క్లోజర్ లెటర్ అడగండి. యాప్‌లోనో కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టో తీసుకోవచ్చు. ఫలానా తేదీకి కడితే అసలు ఎంత, ముందే తీర్చినందుకు ఛార్జీ ఎంత, దానిపై 18 శాతం జీఎస్టీ ఎంత అన్నది అందులో ఉంటుంది. కొన్ని సంస్థలు మొదటి కొన్ని ఈఎంఐలు కట్టేదాకా లోన్ మూసేయడానికి ఒప్పుకోవు, కాబట్టి అదీ అడగండి.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఒకరికి మూడు లోన్లున్నాయి. మొదటిది యాప్ ద్వారా తీసుకున్నది: వడ్డీ 30 శాతం, నెలకు 3,000, ఇంకా 24 నెలలు. రెండోది 24 శాతం, నెలకు 4,000, ఇంకా 22 నెలలు. మూడోది బ్యాంకు లోన్: 13 శాతం, నెలకు 5,000, ఇంకా 10 నెలలే.

మూడోదాన్ని ముట్టుకోవద్దు. దానిలో మిగిలిన వడ్డీయే దాదాపు 2,850 రూపాయలు. మూసేయడానికి 4 శాతం ఛార్జీ, జీఎస్టీ కలిపి సుమారు 2,225 పోతుంది. మీద కొత్త లోన్‌పై వడ్డీ కూడా కట్టాలి. అన్నీ కలిపేస్తే మంచిదనుకునే వాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

మిగతా రెండింటికీ కలిపి ఇంకా కట్టాల్సింది 1,60,000. ఈ రోజు అసలు బాకీ 1,24,287. మూసివేత ఛార్జీ ఇక్కడా 4 శాతమే అనుకుంటే జీఎస్టీతో 5,866. కొత్త బ్యాంకు 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని జీఎస్టీ ముందే కోసుకుని మిగతాది ఇస్తుంది. అందుకే పాతవి తీరాలంటే 1,33,300 లోన్ తీసుకోవాలి.

14 శాతం వడ్డీకి 24 నెలల్లో తీరిస్తే ఈఎంఐ 6,400, మొత్తం 1,53,600. అంటే 6,400 మిగులుతుంది. అదే లోన్ 36 నెలలకు పెడితే మొత్తం 1,64,016 అవుతుంది, పాత లెక్క కంటే 4,016 ఎక్కువ. 48 నెలలకు ఈఎంఐ 3,643కు దిగుతుంది. చేతికి హాయిగానే ఉంటుంది కానీ మొత్తం 1,74,864 కట్టాలి. వడ్డీ 30, 24 శాతాల నుంచి 14కు తగ్గినా దాదాపు 15,000 అదనం. ఇల్లు గడవక ఈఎంఐ తగ్గించుకోక తప్పని పరిస్థితిలో ఆ 15,000 తెలిసి కట్టడం వేరు, ఆదా అనుకుని కట్టడం వేరు.

లెక్క కుదిరాక దరఖాస్తు. పాన్, ఆధార్, మూడు నెలల జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోర్‌క్లోజర్ లెటర్లు సిద్ధంగా పెట్టుకోండి. ఒకేసారి ఐదారు చోట్ల అప్లై చేయకండి. ప్రతి ఎంక్వైరీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది, స్కోరు తగ్గొచ్చు.

లోన్ మంజూరయ్యాక కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇస్తారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త పర్సనల్ లోన్లకు ఇది ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులో వడ్డీ రేటు కాకుండా ఏపీఆర్ చూడండి, ఫీజులన్నీ కలిపిన అసలు రేటు అదే. ఇన్సూరెన్స్ ప్రీమియం కలిపారేమో కూడా చూడండి. మన ఉదాహరణలో 4,000 ప్రీమియం చేరితే ఆదాలో సగానికి పైగా పోయినట్టే. వద్దంటే తీసేయమని రాతపూర్వకంగా అడగండి. తొందరపెడితే సంతకం పెట్టకండి. ఆ పత్రంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుతాయి.

డబ్బు మీ ఖాతాలో పడితే అదే రోజు పాత లోన్లు మూసేయండి. ఫోర్‌క్లోజర్ లెటర్‌లోని తేదీ దాటితే మొత్తం మారుతుంది, కొద్ది రూపాయలు తక్కువ పడినా లోన్ ఓపెన్‌గానే ఉండిపోతుంది. ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దయిందో లేదో చూసుకుని, ప్రతి సంస్థ నుంచీ ఇక బాకీ లేదని చెప్పే ఎన్‌ఓసీ తీసుకోండి. నెల తర్వాత క్రెడిట్ రిపోర్టు తెరవండి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకటి ఉచితంగా ఇస్తుంది. పాత లోన్ "Closed" అని కనిపించాలి. కనిపించకపోతే ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల సైట్ cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అప్పుడు ఎన్‌ఓసీ, డబ్బు కట్టిన రసీదు జతచేయండి.