చార్టర్డ్ ఇంజినీర్ దరఖాస్తుకు కెరీర్ సమ్మరీ పేరా ఎలా రాయాలి?

ముందుగా ఒక్క పనిని ఎంచుకోండి. ఖర్చులో పెద్దది కానక్కర్లేదు, మీరు స్వయంగా నిర్ణయం తీసుకున్నదై ఉండాలి. చదివేవాళ్లు వెతికేది దాన్నే. బ్రిటన్ ఇంజినీరింగ్ కౌన్సిల్ ప్రమాణంలోని ఐదు విభాగాల్లో బాధ్యత, నిర్వహణ, నాయకత్వం కలిపి ఒకటి.

ఇప్పుడు కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఏ నిర్ణయం మీది? ఎంతవరకు మీ అధికారం? తప్పయితే ఏం జరిగేది?

హన్మకొండ వైపు ఒక చెరువు పని చూసిన ఇంజినీర్ ఉన్నారనుకుందాం. మొదటి ప్రయత్నంలో చాలామంది ఇలా రాస్తారు: "చెరువు కట్ట మరమ్మతుల్లో పాల్గొన్నాను. మా బృందం పనిని విజయవంతంగా పూర్తి చేసింది." ఇందులో ఇంజినీర్ ఎక్కడా కనిపించడు. అదే పనిని ఇలా రాయొచ్చు:

"నిండిన చెరువు కట్టకు దిగువన ఊట కనిపించింది. మూడో రోజుకు తేటనీళ్లు మట్టిరంగు తిరిగాయి. అంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోంది. బంకమట్టితో మూసేద్దామని కాంట్రాక్టర్ అన్నాడు. మూస్తే లోపల నీటి ఒత్తిడి పెరిగి ఊట ఇంకోచోట తన్నుకొస్తుందని నేను ఒప్పుకోలేదు. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. అందుకే 15 సెం.మీ. ఇసుక, దానిపై 15 సెం.మీ. చిన్న కంకర, ఆపైన బరువుకు రాయి వేయించాను. తూము ఎత్తి మట్టం తగ్గించడం ఆయకట్టు రైతుల నీళ్లతో ముడిపడినది కాబట్టి, డీఈఈ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాను. రోజుకు రెండుసార్లు వి-నాచ్‌తో ఊట కొలిచాను. ఐదో రోజుకు నీళ్లు తేటపడ్డాయి."

మట్టిరంగు నుంచి కారణం చెప్పడం సామర్థ్యం. కాంట్రాక్టర్ మాట కాదనడం, ఎందుకో చెప్పడం విచక్షణ. తూము విషయంలో పై అధికారిని అడగడం బాధ్యతకు గుర్తు. ఇది రాస్తే చిన్నతనం అవుతుందని కొందరు ఆ వాక్యం తీసేస్తారు. నిజానికి తన హద్దు తెలిసినవాడని చూపేది అదే. డీఈఈ నిర్ణయాన్ని తనదిగా రాసుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

తర్వాత ప్రతి వాక్యం పక్కన ఆధారం రాసుకోండి: కొలతల రిజిస్టర్, సైట్ ఆర్డర్ బుక్, అనుమతి లేఖ. ఆధారం లేని వాక్యం కొట్టేయండి. "నీళ్లు తేటగానే ఉంటే ఏం చేసేవారు?" అని అడిగితే జవాబుండాలి. ఊట పెరగకుండా నిలకడగా ఉంటే కొలుస్తూ కనిపెట్టి ఉండేవాణ్ని, పెరుగుతుంటే వెంటనే పైకి తెలిపేవాణ్ని అనొచ్చు.

ఇంగ్లిషులోకి మార్చడం చివరి పని. మార్చాక మళ్లీ చదవండి. "నేను వేయించాను" అన్నది అక్కడ తరచూ "వేయబడింది" అయిపోతుంది, చేసిందెవరో మాయమవుతుంది.