ఆన్‌లైన్ కార్ రేసింగ్ స్వయంబోధిని – మూడవ పాఠం: పింగ్, ఢీకొట్టుడు, సేఫ్టీ రేటింగ్

ఒంటరిగా ట్రాక్ మీద పది ల్యాప్‌లు గతి తప్పకుండా తిరగడం గత పాఠంతో వచ్చేసింది కనుక, ఇప్పుడు లాబీలో చేరి ఇతరుల కార్ల మధ్య నడపడానికి సిద్ధమవుదాం. ఉదాహరణలన్నీ ఐరేసింగ్ అనే సిమ్యులేటర్ నుంచే తీసుకుంటున్నాను.

మన కంప్యూటర్ నుంచి సర్వర్‌కు సమాచారం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. విజయనగరంలో ఉన్న మీ పింగ్ 120 మిల్లీసెకన్లు, ముందున్న ప్రత్యర్థి పింగ్ 80 అనుకుందాం. అతని కదలిక మీ తెరకు చేరడానికి రెండింటి సగాలు కలిపి దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతుంది. గంటకు 180 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 50 మీటర్లు పోతుంది కాబట్టి, అంతలోనే అది 5 మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఈ లెక్క చూసి కొత్తవారు బెంబేలెత్తుతారు గాని, అసలు ప్రమాదం ఇక్కడ లేదు.

ఎందుకంటే, ఆట పాత స్థానాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించదు. చివరిగా అందిన వేగాన్ని, దిశను బట్టి ఆ కారు ఈ క్షణాన ఎక్కడ ఉండాలో ఊహించి అక్కడే గీస్తుంది. ఊహ తప్పేది ప్రత్యర్థి బ్రేకు వేసినప్పుడు. రేసు కారు గట్టిగా బ్రేకు వేస్తే ప్రతి సెకనుకూ దాని వేగం సుమారు 15 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, ఆ సంగతి 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా తెలిసినందువల్ల వచ్చే తేడా ఏడెనిమిది సెంటీమీటర్లే. అదే సమాచారం మధ్యలో పోయి అర సెకను పాటు ఏమీ అందకపోతే తేడా దాదాపు 1.9 మీటర్లకు పెరుగుతుంది, ఆ తరువాత సమాచారం అందగానే ముందున్న కారు మీ తెరపై ఒక్కసారిగా వెనక్కి దూకుతుంది. మీరు రెండు మీటర్ల వెనుకే ఉంటే అది మీ బంపరు మీదికే వచ్చిపడుతుంది. అందుచేత నిలకడగా 150 ఉండే పింగ్, 60కీ 300కీ మధ్య ఊగే పింగ్ కంటే ఎంతో మేలని నా అభిప్రాయం.

ఊగిసలాట మీ ఇంట్లోనే పుడుతోందో లేదో ముందుగా తేల్చుకోండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో మీ రూటర్ చిరునామాతో ఇలా టైపు చేయండి. చిరునామా సాధారణంగా రూటర్ అడుగున అతికించిన కాగితంపై ఉంటుంది.

```
ping -n 100 192.168.1.1
```

ఇంట్లోని రూటర్ నుంచే జవాబులు ఒకసారి 2, మరొకసారి 90 మిల్లీసెకన్లకు వస్తున్నా, కొన్ని అసలు రాకపోయినా, తప్పు దూరంలోని సర్వర్‌ది కాదు, వైఫైది. రూటర్ కింది గదిలో, కంప్యూటర్ మేడ మీద ఉన్న ఇళ్లలో ఇది మామూలే. లాన్ కేబుల్ లాగితే చాలావరకు తీరిపోతుంది. కరెంటు తరచూ పోయే చోట కంప్యూటర్‌తో పాటు రూటర్‌ను కూడా యూపీఎస్‌కు కలపాలి, లేకుంటే తెర వెలుగుతూనే ఉండగా మీరు పందెం నుంచి జారిపోతారు. రేసులో ఉండగా తెరపై కనిపించే L, Q మీటర్లలో మొదటిది ఆలస్యాన్ని, రెండవది లైను నాణ్యతను చూపుతుంది. Q పడిపోతుంటే ఆ రోజు ఎవరినీ దాటబోకండి.

ఇక సేఫ్టీ రేటింగ్, అంటే మీరు ఎంత జాగ్రత్తగా నడుపుతున్నారో చూపే అంకె. ఐరేసింగ్ తప్పెవరిదని విచారించదు. తగిలిన ఇద్దరికీ తప్పు పాయింట్లు పడతాయి. ట్రాక్ దాటి బయటికి పోతే 1, అదుపు తప్పితే 2, మరో కారును గట్టిగా ఢీకొంటే 4. ఎన్ని మలుపులకు ఒక పాయింటు పడిందన్నదే రేటింగ్‌కు ఆధారం. 12 మలుపుల ట్రాక్‌పై పది ల్యాప్‌లకు 120 మలుపులవుతాయి. ఒకసారి గడ్డిలోకి దిగితే 120 మలుపులకు ఒక పాయింటు, ఒక గట్టి ఢీకి 30 మలుపులకు ఒకటి. కాబట్టి లోపలి వైపు ఎవరైనా దూసుకొస్తే, తప్పు వారిదే అయినా, చోటిచ్చి బయటికి పోవడమే లాభం. న్యాయమా అంటే కాదు గాని, లెక్క అలా ఉంది.

సెట్టింగులలో మూడు చాలు. పక్కన కారు ఉందని చెవిలో చెప్పే స్పాటర్‌ను ఆన్‌లో ఉంచండి. F3 నొక్కితే వచ్చే రిలేటివ్ పట్టికలో ముందు, వెనుక కార్ల దూరం సెకన్లలో కనిపిస్తుంది. మొదటి వారాలలో ముందు కారుకు 0.5 సెకను కంటే దగ్గరికి పోవద్దు. మనం లెక్కగట్టిన వేగంలో అది 25 మీటర్లు, అంటే 1.9 మీటర్ల దూకుడును, మీ కాలు బ్రేకును చేరే ఆలస్యాన్ని రెండింటినీ తట్టుకునే దూరం. మూడవది దృశ్య కోణం. సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు గల 27 అంగుళాల తెరకు అంతే దూరంలో కూర్చుంటే అడ్డంగా 53 డిగ్రీలు రావాలి. 90 పెట్టుకుంటే పక్కలు ఎక్కువగా కనిపిస్తాయి గాని, ముందు కారు ఉన్నదాని కంటే దూరంగా తోచి బ్రేకు ఆలస్యమవుతుంది. పక్కల సంగతి స్పాటర్ చూసుకుంటుంది.

వచ్చే పాఠం మొదటి మలుపు గురించి. ఈలోగా రెండు రేసులలో క్వాలిఫైయింగ్ మానేసి, చివరి స్థానం నుంచి బయలుదేరి, ఎవరినీ దాటకుండా రిలేటివ్ అంకెలను మాత్రమే గమనిస్తూ ముగించండి. ప్రతి రేసు తరువాత మలుపుల సంఖ్యను, పడిన పాయింట్లను రాసి పెట్టుకోండి, వాటితోనే మొదలుపెడదాం.