డ్యాష్‌బోర్డ్ మీద అంకె పెట్టే ముందు జాగ్రత్తలు

కొత్త క్వార్టర్ మొదలయ్యే ముందు చాలా సాఫ్ట్‌వేర్ టీముల్లో ఇదే జరుగుతుంది. క్వాలిటీకి ఒక డ్యాష్‌బోర్డ్ కావాలంటారు, ఎవరో ఒకరు టికెట్ టూల్‌లో సులువుగా దొరికే అంకెలన్నీ తెచ్చి స్క్రీన్ మీద పెట్టేస్తారు. ఈసారి ఆ పని మీ మీద పడితే, ముందు టీమ్ అంతా కూర్చుని ఒక ప్రశ్న వేసుకోండి: పని ఏమాత్రం బాగుపడకుండా ఈ అంకె ఒక్కటే బాగా కనిపించాలంటే ఏం చేయొచ్చు? జవాబు వెంటనే వచ్చేస్తే ఆ అంకెను ఒంటరిగా పెట్టకండి.

అందరూ మొదట కోరేది బగ్ సరిచేయడానికి పట్టే సగటు సమయం. ఒక టీమ్‌లో అది 6 రోజులు ఉంది, 3 రోజులకు తేవాలని టార్గెట్ పెట్టారనుకుందాం. రెండు నెలల్లో 2.8కి వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఆ సగటు మూసేసిన బగ్‌లకే లెక్క కడుతుంది కదా, అంటే కష్టమైన బగ్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే అది లెక్కలోకే రాదు, చిన్నచిన్నవి మూస్తూ పోతే సగటు దానంతటదే తగ్గుతుంది. ఇంకో దారి, టికెట్‌ని 'సమాచారం కావాలి' అనే స్టేటస్‌లోకి నెట్టడం, అక్కడ గడియారం ఆగిపోతుంది. మూడోది, సగం సరిచేసి మూసేయడం. వీళ్ళెవరూ మోసగాళ్ళు కారు, టార్గెట్ టెన్షన్‌లో ఎవరైనా చేసేదే ఇది.

అందుకని ఆ అంకె పక్కనే ఇంకో రెండు పెట్టండి. మూసిన ప్రతి 100 బగ్‌లలో ఎన్ని మళ్ళీ తెరుచుకున్నాయి, ఇంకా తెరిచే ఉన్న వాటి వయసు ఎంత. పై ఉదాహరణలో మళ్ళీ తెరుచుకున్నవి 5 నుంచి 16కి పెరిగి, 60 రోజులు దాటినవి కుప్పపడి ఉంటే, 2.8 అనేది మెరుగుదల కాదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. స్టేటస్ ఏదైనా సరే, గడియారం టికెట్ పుట్టినప్పటి నుంచే నడవాలి. కస్టమర్ జవాబు కోసం ఆగిన సమయాన్ని తీసేయకుండా విడిగా చూపిస్తే చాలు.

సగటు ఒక్కటే చూడకుండా, టికెట్ పుట్టిన ఎన్నో రోజుకి ఎన్ని బగ్‌లు మూతపడ్డాయో బార్ గ్రాఫ్ గీసి చూడండి. గడువుకి సరిగ్గా ముందు పెద్ద గుంపు, గడువు దాటగానే ఒక్కసారిగా పతనం కనిపిస్తే, జనం పని కోసం కాక గడువు కోసం పరిగెడుతున్నారని అనుమానించాలి. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో 4 గంటల లక్ష్యం పెట్టాక అచ్చంగా ఇలాంటి ఆకారమే కనిపించింది, రోగులు విభాగం నుంచి కదిలిన సమయాలు 4 గంటలకు కాస్త ముందు గుంపుకట్టాయి.

కోడ్ కవరేజ్, అంటే టెస్టులు నడిపినప్పుడు కోడ్‌లో ఎంత శాతం నడిచిందనే లెక్క, దాని విషయంలో ఇంకా జాగ్రత్త. 80 శాతం ఉండాలని రూల్ పెడితే ఇలాంటి టెస్టులు పుట్టుకొస్తాయి:

```python
def test_bill():
    make_bill(items)
```

కోడ్ నడిచింది కాబట్టి కవరేజ్ పెరుగుతుంది, బిల్లు తప్పొచ్చినా, ప్రోగ్రామ్ ఆగిపోతే తప్ప, ఈ టెస్ట్ పాసవుతుంది, ఎందుకంటే ఇందులో ఫలితాన్ని సరిచూసే `assert` లేదు. కవరేజ్‌ని టార్గెట్‌గా కాకుండా, అసలు టెస్టులే లేని ఫైళ్ళు ఏవో వెతకడానికి వాడుకోండి. అనుమానం ఉంటే కోడ్‌లో కావాలనే ఒక `+` ని `-` చేసి టెస్టులు నడపండి. ఒక్కటీ ఫెయిల్ కాలేదంటే ఆ శాతాన్ని నమ్మక్కర్లేదు.

నన్నడిగితే కస్టమర్ దగ్గర బయటపడిన తీవ్రమైన బగ్‌లే అన్నిటికంటే పైన ఉండాలి. అయితే తీవ్రత ఎంతో ఆ కోడ్ రాసిన టీమ్ నిర్ణయించకూడదు, ఫోన్లెత్తే సపోర్ట్ వాళ్ళు నిర్ణయించాలి. లేదంటే మొదటి స్థాయి బగ్‌లన్నీ మెల్లగా మూడో స్థాయికి దిగిపోతాయి. మొత్తం ఫిర్యాదులు తగ్గకుండా తీవ్రమైనవి మాత్రమే తగ్గుతున్నాయంటే ముందు అక్కడే చూడండి. దీనికి తోడుగా, ఎన్ని రిలీజులు చేశాం, వాటిలో ఎన్నిటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది అనేవి రెండూ కలిపి చూపించండి, ఎందుకంటే రెండోది ఒక్కటే ఉంటే రిలీజులు మానేసి కూడా దాన్ని సున్నా చేయొచ్చు. శాతాలు వద్దు. నెలకు 20 రిలీజులుంటే ఒకటి వెనక్కొస్తే 5 శాతం, రెండొస్తే 10, అది చూసి 'రెట్టింపైంది' అని కంగారు పడటంలో అర్థం లేదు. '20లో 2' అని రాయండి.

మనుషుల పేర్లవారీగా మాత్రం ఏ అంకె పెట్టకండి, అప్రైజల్‌కి అసలు ముడిపెట్టకండి. ఎవరు ఎక్కువ బగ్‌లు పట్టారని టెస్టర్లకు ర్యాంకులిస్తే, ఒకే సమస్యను నాలుగు టికెట్లుగా రాస్తారు, డెవలపర్లు నాలుగింటినీ 'బగ్ కాదు' అని తిప్పి పంపుతారు, మిగతా రోజంతా వాదనలకే సరిపోతుంది. మేనేజర్ పట్టుబడితే, మొదటి క్వార్టర్ టార్గెట్ లేకుండా చూద్దామని అడగండి. ఆ మూడు నెలల్లో లెక్కించే పద్ధతి మారితే మారిన తేదీని గ్రాఫ్ మీదే గీత గీసి రాసిపెట్టండి, ఏ అంకె చూసి ఎవరూ ఏ నిర్ణయమూ మార్చుకోలేదో దాన్ని క్వార్టర్ చివర తీసేయండి.