వంద అడుగుల వీధికి జెండాల తోరణం, కుచ్చులు, ఊలు బంతులు: ఇంట్లోనే తక్కువ ఖర్చులో ఎలా చేయాలి?

మాది ఇచ్ఛాపురం. చవితి పందిరికి కావలసిన తోరణాలు రెడీమేడ్‌గా కొందామంటే బరంపురం వెళ్ళాలి, అక్కడ దొరికేవి ఎక్కువగా మెరుపు కాగితంవి, ఒక్క వాన పడితే చాలు మర్నాటికి గుజ్జయిపోతాయి. అందుకే మా వీధి ఆడవాళ్ళం బట్టతోనే చేసుకుంటున్నాం. వంద అడుగులకు లెక్క చెప్తాను, మీ వీధి పొడుగును బట్టి మార్చుకోండి.

ముందు జెండాలు. 44 అంగుళాల పన్నా బట్ట రెండు మీటర్లు చాలు, ఎరుపు ఒక మీటరు, పసుపు ఒక మీటరు. పన్నాకు అడ్డంగా 7 అంగుళాల ఎత్తున పట్టీలు గీస్తే మీటరుకు ఐదు వస్తాయి. ఒక్కో పట్టీలో 6 అంగుళాల అడుగున్న త్రికోణాలను ఒకటి నిలువుగా, పక్కది తలకిందులుగా గీయాలి. అలా గీస్తే పట్టీకి 13, మీటరుకు 65 వస్తాయి. అన్నీ ఒకే వైపు గీశారా, సగం బట్ట ముక్కలకే పోతుంది. ఒక త్రికోణాన్ని అట్టమీద కత్తిరించి పెట్టుకుంటే గుంటలు కూడా సుద్దతో గీసేస్తారు. నాలుగు పట్టీలు ఒకదానిమీద ఒకటి పెట్టి, గుండుసూదులు గుచ్చి కత్తిరించండి. అంతకు మించి పేర్చితే కింది పొర జరిగిపోయి వంకర వస్తుంది.

అంచు మడిచి కుట్టాలా అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు. ఏటవాలుగా కోసిన అంచు నేత పోగుల వెంట కోసినదానికంటే తక్కువగా పీలికలవుతుంది, పై అంచు ఎలాగూ నాడాలోకి పోతుంది. పది రోజుల పండగకు అది చాలు. కానీ కొనేముందు ఎరుపు బట్ట మూలను తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. మేం ఒకసారి చూసుకోకుండా ఎరుపు పక్కన తెలుపు పెట్టాం, మొదటి జల్లుకే తెల్లవన్నీ గులాబీ రంగు తిరిగిపోయాయి.

వంద అడుగులూ ఒకే తాడుగా కుట్టొద్దు. మధ్యలో కుంగి స్కూటరు మీద వెళ్ళేవాళ్ళ తలకు తగులుతుంది. 20 అడుగుల తోరణాలు ఐదు చేయండి, ఒక్కోదానికి 26 జెండాలు, మధ్యలో 3 అంగుళాల ఖాళీ. కట్టడానికి రెండు వైపులా రెండేసి అడుగులు వదలాలి కాబట్టి నాడా మొత్తం 120 అడుగులు పడుతుంది. అంగుళం వెడల్పు నాడాను సగానికి మడిచి, మధ్యలో జెండా పెట్టి, దారం తెంపకుండా వరసగా కుట్టుకుంటూ పోవడమే. 3 అంగుళాల అట్టముక్క పక్కన పెట్టుకుంటే ప్రతిసారీ టేపు తీయక్కర్లేదు.

కుచ్చులకు పాత చీర తీయండి. 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ముక్క తీసుకుని, పైన అంగుళం వదిలి కింద అంతా అర అంగుళం పీలికలుగా కత్తిరించండి. పోగుల వెంట చక్కగా చిరిగే బట్టయితే ఇంకా సులువు, కత్తెరతో గాటు పెట్టి లాగితే చాలు. పైన వదిలిన అంగుళాన్ని చాపలా గట్టిగా చుట్టి, దారంతో బిగించి, మధ్యలో వేలాడదీసే దారం ఇరికించండి. తోరణానికి నాలుగు చొప్పున ఇరవై చాలు, దానికి పావు చీర కూడా పట్టదు.

ఇక ఊలు బంతులు. వీటిని మాత్రం వీధిలో కట్టకండి. ఊలు నీళ్ళు పీల్చి బరువెక్కి తాడునే కిందకు లాగేస్తుంది. అరుగు మీదికో, పందిరి లోపలికో ఉంచుకోండి. ఖర్చులో పెద్దది కూడా ఊలే, కాబట్టి లెక్కగా కొనండి: రెండు అంగుళాల బంతికి దాదాపు 10 మీటర్లు పడుతుంది. ఒక్కొక్కటీ వేళ్ళకు చుట్టి చేస్తే రాత్రంతా ఇరవై కూడా అవ్వవు. మంచం కోళ్ళ మధ్యో, రెండు కుర్చీల మధ్యో నాలుగు అడుగుల దూరం పెట్టి 80 చుట్లు చుట్టండి. రెండు వైపుల పోగులనూ దగ్గరకు చేర్చి ప్రతి రెండున్నర అంగుళాలకు ఒక ముడి వేసి, ముడికీ ముడికీ సరిగ్గా నడుమ కత్తిరిస్తే ఒకే దెబ్బకు దాదాపు 19 బంతులు. ముడికి ఊలు వాడితే బిగించేటప్పుడు తెగిపోతుంది. మాకు డొంకూరు వైపు నుంచి వల అల్లే నైలాన్ దారం దొరుకుతుంది, దాన్ని రెండు చుట్లు తిప్పి లాగితే కదలదు. ముడి వదులైతే అప్పుడే తెలియదు, బంతిని దులిపితే పోగులు రాలతాయి. దులపగానే రాలిందా, దాన్ని మళ్ళీ బిగించండి.

చుట్టేటప్పుడు ఊలును సాగదీయొద్దు. మా వదిన ఉత్సాహంలో వీణ తీగల్లా బిగించి చుట్టింది. కత్తెర పడగానే అన్నీ ముడుచుకుపోయి గోలీకాయలంత అయ్యాయి, చివరికి వాటిని తలుపు గొళ్ళేలకు కట్టుకున్నాం.