మోషన్‌లో రక్తం, 3వ పాఠం: పాత పైల్స్ ఉన్నవాళ్ళకి కొత్తగా రక్తం పడితే

మొదటి పాఠంలో రంగు గురించి, రెండో పాఠంలో నొప్పి గురించి చెప్పుకున్నాం కదా, ఒక్కసారి గుర్తు చేసుకుందాం. లోపలి మొలల నుంచి వచ్చే రక్తం ఎర్రగా, ఫ్రెష్‌గా ఉంటుంది, మోషన్ అయిపోయాక చుక్కలు చుక్కలుగా పడుతుంది, ఒక్కోసారి చిమ్మినట్టు కూడా వస్తుంది, మామూలుగా నొప్పి ఉండదు. ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చీలిక అయితే కోసేసినట్టు నొప్పి, మోషన్ అయ్యాక కూడా గంటా రెండు గంటలు మంట, రక్తం మాత్రం కొంచెమే. ఇంతవరకు ఈజీనే. ఇవాళ చెప్పేది నాకు బాగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా లేట్ అయ్యేది ఇక్కడే. ముందు నుంచీ పైల్స్ ఉన్న మనిషికి కొత్తగా ఇంకో జబ్బు మొదలైతే దాన్ని ఎలా పట్టుకోవాలి అనేది.

ఒక కేసు తీసుకుందాం, నేర్చుకోవడానికి నేను రాసుకున్న కేసు. ఆటో నడిపే ఆయన, వయసు 52. ఎనిమిదేళ్ళ నుంచి పైల్స్. ప్రతి ఎండాకాలం మోషన్ గట్టిపడినప్పుడు నాలుగైదు రోజులు రక్తం పడటం, మజ్జిగ, ఆకుకూరలు, ఇసబ్గోల్ తీసుకుంటే ఆగిపోవడం, ఆయనకి అది అలవాటైపోయింది. ఈసారి రెండు నెలలైనా ఆగలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే "వేడి చేసింది, మీకు పైల్స్ ఉన్నాయి కదా" అని మాత్రలు, ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపించాడు. ఎవరూ పరీక్ష చేయలేదు.

ఇప్పుడు ఆయన్ని మనం అడుగుదాం, పాతదానికీ ఇప్పటిదానికీ తేడా ఏంటి అని. ఈ పాఠం మొత్తానికీ ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఆయన చెప్పేది ఇది. ఇదివరకు రక్తం చివర్లో విడిగా పడేది, ఇప్పుడు మోషన్‌తో కలిసి వస్తోంది, కొంచెం ముదురు రంగులో ఉంటోంది, దాంతోపాటు జిగురు కూడా పడుతోంది. పొద్దున్నే నాలుగైదు సార్లు వెళ్ళాల్సి వస్తోంది, వెళ్తే కొంచెమే వస్తోంది, లేచి వచ్చాక కూడా ఇంకా లోపల ఏదో మిగిలిపోయినట్టే ఉంటోంది. ప్యాంటు లూజ్ అయ్యింది. రెండో అంతస్తుకి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. అన్నీ విడివిడిగా చెప్తే ఆయనకే పెద్దగా అనిపించలేదు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మాత్రం ఇవి మొలల లక్షణాలు కావు. మోషన్ టైమింగ్ మారి మూడు వారాలు దాటడం, రక్తంతో జిగురు కలిసి రావడం, పూర్తిగా అవ్వలేదనే ఫీలింగ్, బరువు తగ్గడం, ఈ గుంపు కనబడితే మలద్వారం పైన ఉండే పురీషనాళంలో గానీ పెద్దపేగులో గానీ గడ్డ ఉందేమో చూడాల్సిందే. పేగు వాపు జబ్బుల్లో, అమీబా విరేచనాల్లో కూడా జిగురూ రక్తం కలిసి వస్తాయి, అందుకే ఇది క్యాన్సరే అని ఇంట్లో కూర్చుని డిసైడ్ అవ్వకూడదు, పైల్సేలే అని కూడా డిసైడ్ అవ్వకూడదు.

ఆయాసం ఎందుకో చూద్దాం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది, మగవాళ్ళకి 13 పైన ఉండాలి. పైల్స్‌తో కూడా రక్తం తగ్గొచ్చు, ఏళ్ళ తరబడి బాగా పోతే తగ్గుతుంది. కానీ యాభై దాటిన మనిషికి ఐరన్ తక్కువై రక్తహీనత వస్తే, పేగు మొత్తం చూడకుండా పైల్స్ మీదకి నెట్టేయకూడదు. ఐరన్ మాత్రలు వేసుకుంటే నంబర్ పెరుగుతుంది, ఓపిక వస్తుంది, అసలు కారణం మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది.

సర్జన్ దగ్గరికి వెళ్ళాక మొదట చేసింది గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష. ఒక్క నిమిషం పని, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది కానీ భరించలేనంత నొప్పి ఉండదు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, లోపలి మొలలు మెత్తగా ఉంటాయి కాబట్టి వేలికి సరిగ్గా తగలవు, వాటిని చూడటానికి ప్రోక్టోస్కోప్ అనే చిన్న గొట్టం కావాలి. వేలికి గట్టిగా, ఎగుడుదిగుడుగా ఏదైనా తగిలిందంటే అది వేరే సంగతి. ఈయనకి అదే తగిలింది, ప్రోక్టోస్కోప్‌తో చూస్తే కింద మొలలు కూడా ఉన్నాయి. అంటే రెండూ ఉన్నాయి. ఆ తర్వాత కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు మొత్తం చూసే పరీక్ష చేసి, గడ్డ నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపించారు. వేలు అందేది కింద కొద్ది భాగమే, అందుకే వేలి పరీక్ష నార్మల్ అని చెప్పినా పైన చెప్పిన లక్షణాలు ఉంటే కొలనోస్కోపీ అడగండి. ఇంట్లో అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే వయసు తక్కువైనా సరే డాక్టర్‌కి ముందే చెప్పండి. మనదేశంలో నలభై లోపు వాళ్ళలో కూడా ఇది కనబడుతోంది కాబట్టి, వయసు చూసి ధీమాగా ఉండకండి.

ఇలాంటి కేసుకి కొన్ని రోజుల్లో, మహా అయితే ఒకటి రెండు వారాల్లో చూపించుకుంటే సరిపోతుంది. గంటల్లో వెళ్ళాల్సినవి వేరే ఉంటాయి, వాటికి ఇంకో కేసు చూడండి.

అరవై అయిదేళ్ళ పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు రోజూ వేసుకుంటోంది, గుండెకని ఆస్పిరిన్ కూడా ఉంది. నిన్నటి నుంచి మోషన్ నల్లగా, తారులా అంటుకుంటోంది, నీళ్ళు పోసినా పోవట్లేదు, వాసన భరించలేకుండా ఉంది. పొద్దున మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరిగాయి. ఎర్ర రక్తం ఒక్క చుక్క లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు భయపడలేదు. ఇది కడుపులో పుండు పడి రక్తం కారుతున్న పరిస్థితి, రక్తం పేగుల్లో అరుగుతూ కిందికొచ్చేసరికి నల్లబడుతుంది. ఐరన్ మాత్రలకి కూడా మోషన్ నల్లబడుతుంది కానీ ఇలా జిగటగా అంటుకోదు, ఈ కంపు ఉండదు.

ఇలాంటప్పుడు మనిషిని కూర్చోబెట్టి నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఊరికే కూర్చుంటేనే వంద దాటితే శరీరం రక్తం తక్కువై తంటాలు పడుతోందని అర్థం. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి మాత్రం నాడి పెరగకపోవచ్చు, వాళ్ళలో నాడి బాగుందని ఆగకండి, చెమటలు, చేతులు చల్లబడటం, లేస్తే తూలడం చూడండి. నల్ల మోషన్, రక్తపు వాంతి, గడ్డలు గడ్డలుగా ఎర్ర రక్తం ఆగకుండా పడటం, స్పృహ తప్పడం, రక్తంతో పాటు విపరీతమైన కడుపునొప్పి గానీ జ్వరం గానీ, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి గానీ రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళకి గానీ బాగా రక్తం పోవడం, వీటిలో ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళొద్దు, దారిలో పడిపోతారు. తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి, ఎండోస్కోపీ చేయాల్సి రావొచ్చు. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు మానిపించకండి, వేసుకుంటున్న స్ట్రిప్పులన్నీ, షాపులో కొన్న నొప్పి మాత్రలతో సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్ళి క్యాజువాలిటీలో చూపించి చివరి డోస్ ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి.

నాలుగో పాఠంలో కొలనోస్కోపీకి ముందు రోజు ఏం తినాలి, ఆ పౌడర్ నీళ్ళు ఎలా తాగాలి, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రల సంగతి డాక్టర్‌ని ఏమని అడగాలి అనేవి చూద్దాం.