గుండ్రటి శాలువా – 4వ పాఠం: పెంపు చుట్టు ఎప్పుడు వేయాలి?

పోయిన పాఠంలో 9 కుట్లతో నడిమధ్యన మొదలుపెట్టి, 3, 6, 12 చుట్లలో కుట్లను రెట్టింపు చేసుకుంటూ వచ్చాం. ఇప్పుడు మీ సూది మీద 72 కుట్లు ఉండాలి. ఇక్కడిదాకా అరచేతిలో పట్టే ముక్కే కాబట్టి చిన్న తేడాలు కనపడవు. అసలు లెక్క ఇక్కణ్ణించే.

ముందు మీ నమూనా ముక్క తీయండి. అది కూడా చుట్టుగానే అల్లి, ఒకసారి ఉతికి ఆరేసి ఉండాలి. నూలు దారం ఉతికాక ముడుచుకుంటుంది, ఉతక్కముందు కొలత నమ్మడానికి లేదు. నా ముక్కలో 10 సెంటీమీటర్ల వెడల్పుకు 20 కుట్లు, 10 సెంటీమీటర్ల ఎత్తుకు 28 చుట్లు వచ్చాయి. అంటే ఒక కుట్టు అర సెంటీమీటరు వెడల్పు, ఒక చుట్టు 0.36 సెంటీమీటర్ల ఎత్తు.

ఒక చుట్టు అల్లితే మధ్య నుంచి అంచుకు దూరం 0.36 పెరుగుతుంది. ఆ దూరం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి, అంటే సుమారు 2.25 సెంటీమీటర్లు. అర సెంటీమీటరు కుట్లతో అది నిండాలంటే నాలుగున్నర కుట్లు కావాలి. కాబట్టి ఎన్నో చుట్టులో ఉన్నా, ఆ అంకెను నాలుగున్నరతో గుణిస్తే శాలువా చదునుగా పరుచుకోవడానికి కావలసిన కుట్లు వస్తాయి. క్రోషియా వచ్చినవాళ్లకు ఇది కొత్తేం కాదు. అక్కడ చిన్న కుట్టు వెడల్పు, ఎత్తు దాదాపు సమానం కాబట్టే చుట్టుకు 6 పెంచుతాం.

ప్రతి చుట్టులోనూ నాలుగున్నర పెంచలేం కదా. అందుకే అల్లిక గురువు ఎలిజబెత్ జిమ్మర్‌మన్ చూపించిన దారిలో చాలామంది చాలా చుట్లు మామూలుగా అల్లి, ఒక్క చుట్టులో కుట్లన్నీ రెట్టింపు చేస్తారు. ఊలుకు అది చక్కగా సరిపోతుంది. ఊలు సాగుతుంది, తడిపి పరిస్తే లాగినచోట నిలుస్తుంది. మన నెల్లూరు ఎండల్లో ఊలు శాలువా ఎవరు కప్పుకుంటారు? రైల్లో ఏసీ బోగీకో, మార్గశిరంలో తిరుమల కొండకో నూలుదే హాయి. కానీ నూలు సాగదు. 12 నుంచి 24వ చుట్టుదాకా 72 కుట్లే ఉంచి చూడండి. 24వ చుట్టుకు 108 కావాలి, మూడోవంతు తక్కువ. అంచు గిన్నెలా పైకి లేస్తుంది. కావలిలో నేను అల్లిన మొదటి నూలు శాలువా అలాగే లేచింది. ఎంత తడిపి, గుండుసూదులు గుచ్చి పరిచినా ఆరగానే మళ్లీ గిన్నె అయ్యేది.

దానికి మందు, రెట్టింపును రెండుగా విడగొట్టడమే. మొదటిసారి రెండు కుట్లు అల్లి ఒకసారి దారం సూది మీద వేసుకోండి, చుట్టంతా అలాగే. 72 కాస్తా 108 అవుతుంది. రెండోసారి మూడు కుట్లకు ఒకసారి వేసుకోండి. 108 కాస్తా 144 అవుతుంది. వేసుకున్న దారం తర్వాతి చుట్టులో కుట్టవుతుంది, దాని కింద చిన్న చిల్లు మిగులుతుంది. ఆ చిల్లుల వలయమే అందం.

ఏ చుట్టులో వేయాలి? ఇప్పుడున్న కుట్లకు, పెంచాక వచ్చే కుట్లకు సరిగ్గా నడుమనున్న అంకె చూడండి. 72కి, 108కి నడుమ 90. దాన్ని నాలుగున్నరతో భాగిస్తే 20. అంటే 20వ చుట్టులో పెంచాలి. 108కి, 144కి నడుమ 126, అది 28వ చుట్టు. ఇలాగే 40లో 216, 56లో 288, 80లో 432, 112లో 576. గమనించారా, 20, 40, 80 ఒక వరస, 28, 56, 112 ఇంకో వరస. ఈ రెండు వరసలు కాగితం మీద రాసి దారపు ఉండలో దోపుకుంటే చాలు. పెంచే ముందు కొరత ఇప్పుడు ఐదోవంతే, అంతమాత్రం నూలు కూడా సర్దుకుంటుంది.

128వ చుట్టుకు కావలసినవి సరిగ్గా 576. అక్కడ ముగిస్తే అంచు లాక్కోకుండా, మిగలకుండా నిలుస్తుంది, అడ్డంగా 91 సెంటీమీటర్లు వస్తుంది. ఇంకా పెద్దది కావాలంటే 160లో 864 చేసి కొనసాగించాలి.

సూది మీద ఉండగా మాత్రం చదునుగా ఉందో లేదో చెప్పలేం. రెండు సూదులను కలిపే తీగ పొట్టిదైతే కుట్లన్నీ ముడుచుకుని ఏదైనా గిన్నెలాగే కనిపిస్తుంది. 50వ చుట్టు దగ్గర ఒకసారి కుట్లన్నిటినీ పొడవాటి వేరే రంగు దారం మీదికి ఎక్కించి, నేల మీద పరిచి చూడండి. అంచు లేస్తే కుట్లు తక్కువ, పెంపు చుట్లు ఇంకాస్త ముందే వేయాలి. నూనెలో వేసిన అప్పడం అంచులా అలలు తేలితే ఎక్కువ, ఇంకాస్త ఆలస్యంగా వేయాలి.

ఒక చుట్టు సీదా, ఒక చుట్టు ఉల్టా అల్లేవాళ్లు ఈ అంకెలు వాడొద్దు. ఆ అల్లికలో చుట్లు దగ్గరదగ్గరగా కూర్చుంటాయి. 20 కుట్ల వెడల్పుకు 40 చుట్లు పడితే చుట్టుకు 3 కుట్లు, పైన కొసరు చాలు. నాలుగున్నర లెక్కతో పోతే అప్పడమే. మీ కుట్లను మీ చుట్లతో భాగించి, 6.28తో గుణించి వచ్చిన అంకెను నాలుగున్నర స్థానంలో పెట్టుకుని చుట్లన్నీ మళ్లీ కట్టుకోండి.

వచ్చే పాఠానికి 56వ చుట్టుదాకా అల్లి ఉంచండి. 288 కుట్లలో 12 కుట్ల ఆకు డిజైను 24 సార్లు ఎలా పడుతుందో అప్పుడు చూద్దాం.