సీసా మీద పత్తి, ఫోటోలో వత్తి: గుండ్రటి లేబుల్ తప్పు చదివితే ఏం చూడాలి

దేవరకొండ, హాలియా వైపు పురుగుమందుల షాపులకు స్టాక్ ఎక్కించి పెట్టడం నా పని. సీసా ఫోటో తీసి, ఫోన్‌లో అక్షరాలు చదివే యాప్‌కి ఇచ్చి, వచ్చింది సరిచూసి కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. ఫోటో తీయడం, యాప్ వాడడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. "మీ యాప్ పిచ్చి పిచ్చిగా చదువుతున్నది" అని ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ఒక్క పని చేసి ఉండరు, సీసాతో వచ్చిన మడత కాగితం విప్పి ఉండరు. మోతాదు పట్టిక దాంట్లోనే ఉంటుంది, అది చదునుగా ఉంటుంది, ఒక్క ఫోటోతో పని అయిపోతుంది. కాగితం పోయింది, అట్టపెట్టె కూడా లేదు అంటేనే కింది గొడవంతా.

అక్షరాలే మారిపోతున్నాయి

లేబుల్ నడిమిట్ల మంచిగ చదువుతుంది, అంచుకు పోయేకొద్దీ చెడుతుంది. నాకు ఎక్కువగా తగిలేవి ఇవి:

```
Imidacloprid 17.8% SL  ->  Imidadoprid 178% SL
పత్తి  ->  వత్తి
```

సీసా గుండ్రంగా ఉంది కాబట్టి పక్కకు తిరిగిన అక్షరం ఫోటోలో సన్నగా పడుతుంది. నడిమి గీత నుంచి 30 డిగ్రీలు పక్కన ఉన్న అక్షరానికి 87 శాతం వెడల్పు మిగులుతుంది. 45 డిగ్రీల దగ్గర 71 శాతం, 60 దగ్గర సగమే. అట్లా నొక్కుకుపోతే c, l రెండూ అతుక్కుని d అవుతాయి, చుక్క కనబడకుండా పోతుంది, 'ప' తలకాయ దగ్గరి సందు మూసుకుని 'వ' అవుతుంది. వత్తి అనేది కూడా నిజమైన మాటే, అదీ పత్తితోనే చేస్తారు! కాబట్టి తప్పులు దిద్దే సాఫ్ట్‌వేర్ దాని జోలికి పోదు.

పరిష్కారం సులువు. 7 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న సీసా చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. ఒక్కోసారి దాదాపు మూడున్నర సెంటీమీటర్లు తిప్పుతూ ఆరు ఫోటోలు తీయండి, ఒక్కో ఫోటోలో నడిమి ముక్కనే నమ్మండి. రెండు ఫోటోలతో సీసా మొత్తం చుట్టేద్దామనుకుంటే మళ్లీ వత్తే వస్తుంది.

అక్షరాలన్నీ కరెక్టే, అయినా సంగతి తప్పు

నన్ను ముంచింది ఇది. ఒక్క మాటలో కూడా అక్షరం తప్పు ఉండదు కాబట్టి కంటికి దొరకదు.

ఒక వానాకాలం సీజన్‌లో ఒక మడిగెలో కూర్చుని ఇమిడాక్లోప్రిడ్ సీసా ఎక్కిస్తున్నాను. మడత కాగితం చిరిగిపోయింది, అందుకని లేబుల్ మీది చిన్న పట్టికనే ఫోటో తీశాను. పై వరుస పత్తిది, హెక్టారుకు 100-125 మిల్లీలీటర్లు. దాని కింది వరుస మిర్చిది, 125-250. యాప్ మాత్రం పత్తి ఎదురుగా 125-250 అని ఇచ్చింది. స్పెల్లింగ్ చూశాను, అంతా బాగుంది, ఎక్కించేశాను. మడిగె పెద్దాయన రాత్రి లెక్క చూస్తూ, "తమ్మీ, పత్తికి గింత మందు ఎవడు చెప్పిండ్రా నీకు?" అన్నాడు. ఆయన చూడకపోతే ఆ అంకె బిల్లు మీద అచ్చయి రైతు చేతికి పోయేది.

జరిగిందేమిటంటే, సీసా బల్ల మీద ఉంది, నేను నిలబడి పైనుంచి వంచి తీశాను. పైనుంచి చూస్తే గుండ్రటి సీసా మీది అడ్డగీత ఫోటోలో తిన్నగా పడదు. నడుమ దిగి, రెండు కొసలూ పైకి లేచి, పళ్లెం అంచులా వంగుతుంది. యాప్ మాత్రం వరుసను తిన్నగానే చదువుకుంటూ పోతుంది. నడుమ పత్తి దగ్గర మొదలుపెట్టి కుడికి పోయేసరికి, పత్తి అంకె పైకి వెళ్లిపోయి, ఆ ఎత్తులోకి కింది మిర్చి అంకె వచ్చి కూర్చుంది.

ఎంత వంచితే ఇట్లా అవుతుందో తర్వాత లెక్కేసి చూసుకున్నాను. సీసా సగం అడ్డుకొలత 3.5 సెంటీమీటర్లు. పంట పేరు నడుమ ఉంటే, అంకె ఉన్న గడి 45 డిగ్రీలు పక్కన, అంటే సీసా మీద టేపుతో కొలిస్తే రెండు ముప్పావు సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఫోన్ 20 డిగ్రీలు వంగి ఉంది అనుకుంటే:

```
3.5 × (1 − cos 45°) × sin 20° ≈ 0.35
```

అంటే మూడున్నర మిల్లీమీటర్లు. ఆ పట్టికలో వరుసకూ వరుసకూ మధ్య ఉన్న దూరం కూడా దాదాపు అంతే. సరిగ్గా ఒక వరుస జారింది. అర వరుస జారి ఉంటే అక్షరాలు ముక్కలై చెత్త వచ్చేది, నేను కనిపెట్టేవాణ్ని. నిండుగా ఒక వరుస జారడం వల్లే అంతా శుభ్రంగా కనబడింది.

పట్టుకోవడం ఎట్లా అంటే, యాప్ ఇచ్చింది చూడకండి, ఫోటోలో లేబుల్ పై అంచునూ కింది అంచునూ చూడండి. రెండూ ఒకే వైపు వంగి పళ్లెంలా ఉంటే ఫోన్ ఎత్తులో ఉన్నట్టు. పై అంచు విల్లులా పైకి, కింది అంచు కిందికి వంగితే ఎత్తు సరిగానే ఉంది గానీ మరీ దగ్గరికి పోయినట్టు. రెండూ తిన్నగా ఉంటేనే యాప్‌కి ఇవ్వండి.

ఎత్తు తప్పితే సీసాను బల్ల కొసకు జరిపి, స్టూలు మీద కూర్చుని, కెమెరా కన్ను లేబుల్ నడిమికి సమానంగా పెట్టండి. దగ్గరితనం తప్పితే అడుగున్నర వెనక్కి జరిగి 2x జూమ్ పెట్టండి. 8 సెంటీమీటర్ల ఎత్తున్న లేబుల్‌ను జానెడు కంటే తక్కువలో, 15 సెంటీమీటర్ల నుంచి తీస్తే పై వరుస అదే 45 డిగ్రీల దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు వంగుతుంది. 45 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఒక మిల్లీమీటరు కూడా వంగదు. అక్షరం పెద్దగా పడాలని అందరూ ఫోన్‌ను సీసాకు ఆనించినంత పని చేస్తారు, అక్కడే చెడుతుంది.

స్కానర్ యాప్‌లో నాలుగు మూలలు లాగి సరిచేశామంటారు కొందరు. ఆ పద్ధతి ఏటవాలుగా తీసిన చదును కాగితానికి పనికొస్తుంది. మూలలు సర్దుకుంటాయి, నడిమి వంపు అట్లనే ఉంటుంది. పైగా అంచు నలుచదరంగా కనబడేసరికి బాగైందని మనమే మోసపోతాం.

ఇంకా అనుమానం ఉంటే సీసాను తిప్పి ఈసారి అంకె గడిని నడిమికి తెచ్చి తీయండి. దాని పక్కన పంట పేరు మారిందంటే మొదటి ఫోటో వరుస జారినట్టే. రెండూ ఒకే ఫోటోలో నడుమ పట్టకపోతే లేబుల్ మీద వేలు పెట్టి వరుస వెంబడి జరుపుకుంటూ కంటితో చదవండి. నేను మోతాదు గడి వరకు ఇప్పుడు ఇట్లనే చేస్తున్నాను, యాప్ ఏం చెప్పినా సరే.

మెరుపు పడడం, సొట్టపోయిన డబ్బా, మందు కారి లేబుల్ ఉబ్బడం, ఇవి ఉంటాయి గానీ తక్కువ. మెరిస్తే నీడకు తీసుకుపోండి, ఉబ్బితే వేరే సీసా తీయండి.